దాదా బతికింది 88 ఏళ్ళా, 85 ఏళ్ళా?

*"మాది శ్రీకాకుళం. మా దాదా సమాధి రాయి మీద పుట్టుక హిజ్రీ 1352 షాబాన్ 15, వఫాత్ 1440 రజబ్ 20 అని చెక్కించారు. మరణ ధ్రువపత్రంలో పోయిన తేదీ 2019 మార్చి 28. ఇంట్లో అందరూ 88 ఏళ్ళు బతికాడనే అంటారు. పింఛను పుస్తకంలో మాత్రం పుట్టిన తేదీ 1934 జులై 1, ఆ లెక్కన 85 కూడా నిండలేదు. ఎవరిది తప్పు? ముస్లిం ఏడాది పదకొండు రోజులు తక్కువంటారు, అదెందుకు? ఇన్నేళ్ళు అన్నదాన్ని ఒక లెక్క నుంచి ఇంకో లెక్కలోకి ఎలా మార్చాలి?"*

రాయి మీద ఉన్నది సరైనదే. ఇంట్లో వాళ్ళు చెప్పే 88 కూడా సరైనదే, కాకపోతే అవి చంద్రుడి ఏళ్ళు, అందులోనూ 88 నిండడానికి పాతిక రోజులు తక్కువ. ఇంగ్లీషు ఏళ్ళలో మీ దాదా 85 ఏళ్ళ 3 నెలల 24 రోజులు బతికారు. పింఛను పుస్తకం మీద ఇంకో ఏడు నెలలు తేడా వస్తోంది. దానికి చంద్రుడికీ ఏ సంబంధమూ లేదు. అది ఎక్కడిదో చివర్లో చెబుతాను.

నేను విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పాత కాగితాల్లో హిజ్రీ తేదీలు కనిపిస్తే మా పేటలో వాళ్ళు నా దగ్గరికే తెస్తారు. మీలాంటి ప్రశ్న ఏడాదికి నాలుగైదు సార్లయినా వస్తుంది. అందుకే కాస్త నిదానంగా రాస్తున్నాను.

ముందు పదకొండు రోజుల సంగతి. ఒక నెలవంక నుంచి మళ్ళీ నెలవంక దాకా సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. నిజానికి చంద్రుడు భూమి చుట్టూ ఒక చుట్టు 27 రోజుల పైచిల్లరలోనే పూర్తి చేస్తాడు. కానీ ఈలోపు భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత ముందుకు జరిగిపోతుంది కదా, మళ్ళీ అమావాస్య స్థానానికి రావాలంటే చంద్రుడు ఇంకో రెండు రోజుల పైన నడవాలి. మనకి నెల అంటే ఆ మొత్తం నడక. దాన్ని 12తో గుణిస్తే 354 రోజుల 8 గంటల 48 నిమిషాలు వస్తుంది. రుతువులు ఒక చుట్టు తిరిగి రావడానికి మాత్రం 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు కావాలి. తీసివేస్తే మిగిలేది 10 రోజుల 21 గంటలు. ఇదే అందరూ పదకొండు అని చెప్పుకునే తేడా. విడివిడిగా ఏ ఏడాదికి ఆ ఏడాది చూస్తే ఒకసారి 10, ఎక్కువసార్లు 11, లీపు సంవత్సరం కలిసినప్పుడు 12 రోజులు కూడా రావచ్చు.

ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది, చాలామంది అందులో పడతారు. నెలకి రోజులు పూర్ణ సంఖ్యలో ఉండాలి కాబట్టి లెక్క కట్టే హిజ్రీ పట్టికల్లో నెలలు 30, 29, 30, 29 అని మారుతూ పోతాయి, ఏడాదికి 354. అప్పుడు పైన మిగిలిన 8 గంటల 48 నిమిషాలు ఎక్కడికి పోవాలి? ముప్పై ఏళ్ళు పోగేస్తే అవి సరిగ్గా 11 రోజులవుతాయి. అందుకని ముప్పై ఏళ్ళలో 11 ఏళ్ళకి, ఏడాది చివర వచ్చే జిల్‌హజ్జ్ నెలలో ఒక రోజు కలిపి 355 చేస్తారు. ఈ పదకొండూ, మీరు అడిగిన పదకొండూ వేరు. ఒకటి ముప్పై ఏళ్ళలో కలిపే రోజులు, రెండోది ప్రతి ఏడాదీ సూర్యుడి కంటే తగ్గే రోజులు. రెండింటినీ కలిపేసి "ముప్పై ఏళ్ళకోసారి తేడా సర్దుకుంటుందట కదా మాస్టారూ" అని అడిగినవాళ్ళు ఉన్నారు. సర్దుకోదు. ఆ 11 రోజులు క్యాలెండరుని చంద్రుడితో కలిపి ఉంచడానికే. సూర్యుడితో కలిపే ఏర్పాటు హిజ్రీలో అసలు లేదు, ఉండకూడదనే దాన్ని పెట్టారు.

అలా ఎందుకు పెట్టారో తెలియాలంటే మన ఇంటి పంచాంగమే చూడండి. తెలుగు నెలలు కూడా చంద్రుడి నెలలే. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు నెలలకి 354 రోజులే వస్తాయి. మరి ఉగాది ఎందుకు ఎప్పుడూ ఎండలు మొదలయ్యే వేళకే వస్తుంది, పైడితల్లమ్మ సిరిమాను ఎందుకు ఎప్పుడూ దసరా వెళ్ళిన మంగళవారమే, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు లోపే తిరుగుతుంది? ఆ తేడా నెల రోజులయ్యేసరికి పంచాంగకర్తలు ఒక అధిక మాసం వేసి ఏడాదిని మళ్ళీ సూర్యుడి దగ్గరికి లాగుతారు కాబట్టి. 19 ఏళ్ళలో ఏడుసార్లు అలా జరుగుతుంది. ఇస్లాంకి ముందు అరబ్బులు కూడా నెలల్ని ఇలా వెనక్కీ ముందుకీ నెట్టేవాళ్ళు, దాన్ని నసీ అనేవారు. ఖురాన్ తొమ్మిదో సూరాలో దాన్ని కాదని, నెలలు పన్నెండే అని చెప్పేశారు. అప్పటి నుంచి హిజ్రీకి అధిక మాసం లేదు. పీర్ల పండగ ఒక తరంలో ఉభాల రోజుల్లో వస్తే, ఇంకో పదిహేనేళ్ళకి చలికాలంలో వస్తుంది.

ఈ విషయం ఈమధ్యే మన కళ్ళ ముందు ఎంత బాగా కనిపించిందో చెప్పకుండా ఉండలేను. 2023లో ఉగాది మార్చి 22, రంజాన్ ఉపవాసాలు మొదలైంది మార్చి 24. అంటే ఒకే అమావాస్య తర్వాత ఒకరికి చైత్రం, ఒకరికి రంజాన్ నెల మొదలయ్యాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ పండగ ఏప్రిల్ 11. 2025లో ఉగాది మార్చి 30, మరునాడే పండగ. ఈ రెండేళ్ళూ చైత్రంతో పాటు మొదలైంది రంజాన్ కాదు, దాని తర్వాతి నెల షవ్వాల్. మధ్యలో ఏం జరిగింది? 2023 జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం వచ్చింది. తెలుగు పంచాంగం ఆ నెలని అదనంగా పక్కన పెట్టింది, హిజ్రీ దాన్నే 1445 మొహర్రంగా లెక్కలో వేసుకుంది. ఆ ఏడాది పీర్ల పండగ అధిక మాసంలో వచ్చిందన్నమాట. అక్కడితో రెండు క్యాలెండర్ల మధ్య ఒక నెల జరిగిపోయింది. తర్వాత 2026లో మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్ 7 అయితే, రంజాన్ పండగ దానికి నెల ముందే, మార్చి 10 ప్రాంతంలో పడుతుంది. తెలుగు పంచాంగం, హిజ్రీ ఒక అధిక మాసం నుంచి ఇంకో అధిక మాసం దాకా చెట్టపట్టాలు వేసుకుని నడుస్తాయి. అధిక మాసం వచ్చినప్పుడల్లా హిజ్రీ ఒక నెల ముందుకు వెళ్ళిపోతుంది.

ఇప్పుడు మీ దాదా లెక్క చేద్దాం. ఏళ్ళని నేరుగా మార్చాలని చూడకండి. హిజ్రీ ఏడాది ఒకటి 354, ఇంకొకటి 355, ఇంగ్లీషు ఏడాది 365, 366. ఏళ్ళతో మొదలెడితే ఎక్కడో ఒక చోట చేయి జారుతుంది. చంద్రుడి నెలల దగ్గరికి దిగండి, అక్కడి నుంచి రోజులకి, రోజుల నుంచి ఇంగ్లీషు ఏళ్ళకి ఎక్కండి.

1352 షాబాన్ 15 నుంచి 1439 షాబాన్ 15 దాకా 87 ఏళ్ళు. అక్కడి నుంచి 1440 రజబ్ 15 దాకా 11 నెలలు. రజబ్ 20కి ఇంకో 5 రోజులు. 87 ఏళ్ళకి 1044 నెలలు, దానికి 11 కలిపితే 1055 నెలలు. ఒక్కో నెల సగటు 29.5306 రోజులు. గుణిస్తే 31,155 రోజులు, పైన 5 రోజులు కలిపితే 31,160 రోజులు. మీ దాదా ఈ నేల మీద గడిపిన రోజులు ఇవి. ఏ క్యాలెండరులోనైనా ఈ సంఖ్య మారదు, మారేది దాన్ని ఎంతేసి ముక్కలుగా కోస్తామన్నదే.

దీన్ని ఇంగ్లీషు ఏడాది సగటు 365.2425తో భాగించండి. 85 ఏళ్ళకి 31,046 రోజులు పోతే 114 రోజులు మిగులుతాయి. చనిపోయిన తేదీ 2019 మార్చి 28 అని కాగితం ఉంది కాబట్టి అక్కడి నుంచి వెనక్కి నడవండి. 85 ఏళ్ళు వెనక్కి వెళ్తే 1934 మార్చి 28. ఇంకో 114 రోజులు వెనక్కి వెళ్తే 1933 డిసెంబర్ 4. అదే 87.93 చంద్ర సంవత్సరాలు, అదే 85.31 సూర్య సంవత్సరాలు.

ఇంత గుణకారం వద్దనుకుంటే మనసులోనే చేసుకోవడానికి ఒక దారి ఉంది. 33 హిజ్రీ ఏళ్ళు అంటే 32 ఇంగ్లీషు ఏళ్ళ మీద ఆరు రోజులు. పదకొండేసి రోజులు 33 సార్లు పోగుపడితే ఒక చంద్ర సంవత్సరం అవుతుంది, అదే దీని రహస్యం. మీ దాదా 88లో రెండు ముప్పై మూడులు తీస్తే 64 ఇంగ్లీషు ఏళ్ళు. మిగిలిన 22లో నూటికి మూడు వంతున తగ్గిస్తే 21 మీద మూడో వంతు. మొత్తం 85 మీద మూడో వంతు. వయసు చెప్పుకోవడానికి ఇది చాలు. తిరగేసి ఇంగ్లీషు నుంచి హిజ్రీకి వెళ్ళేటప్పుడు నూటికి మూడు కలుపుకోండి. వందేళ్ళ ఇంగ్లీషు వ్యవధి 103 హిజ్రీ ఏళ్ళ 24 రోజులవుతుంది, కాబట్టి మూడు శాతం అన్నది కాస్త తక్కువే కానీ మనిషి ఆయుష్షులో తేడా నెల దాటదు.

ఈ మూడు శాతం డబ్బు లెక్కలో కూడా వస్తుంది. జకాత్ చంద్ర సంవత్సరానికి నూటికి రెండున్నర. మన షాపుల వాళ్ళకి ఖాతాలు మార్చి 31కి ముగుస్తాయి, జకాత్ కూడా ఆ తేదీకే కట్టేస్తారు. అప్పుడు ఒక్కో ఏడాదిలో పదకొండు రోజులు లెక్కకి దొరకకుండా పోతాయి, ముప్పై మూడు సార్లు కట్టాల్సిన చోట ముప్పై రెండు సార్లే కట్టినట్టవుతుంది. మార్చి 31నే ఉంచుకోవాలంటే రెండున్నరని 1.0307తో హెచ్చించి 2.577 శాతం కట్టడం వాడుకలో ఉంది. పది లక్షల మీద 25,000 బదులు సుమారు 25,770. అలా కట్టవచ్చా, లేక హిజ్రీ తేదీనే పట్టుకోవాలా అన్నది మీ ఇమాం గారిని అడగాల్సిన మాట. నేను చెప్పేది అంకెల వరకే.

ఇక ఎక్కడ తప్పులు పడతాయో చూద్దాం. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువ పాళ్ళు ఒకే పొరపాటు. ఇప్పటి ఇంగ్లీషు సంవత్సరంలోంచి ఇప్పటి హిజ్రీ సంవత్సరం తీసేసి, ఆ వచ్చిన అంకెని పాత తేదీలన్నిటికీ కలిపేస్తారు. 2019 లోంచి 1440 తీస్తే 579. దాన్ని 1352కి కలిపితే 1931 వస్తుంది. ఆ 1931 నుంచి 2019కి 88 ఏళ్ళు! ఇంట్లో చెప్పే 88తో చక్కగా సరిపోయింది కాబట్టి ఇంక ఎవరికీ అనుమానం రాదు. కానీ అది సరిపోయినట్టు కనిపించడం తప్ప నిజంగా సరిపోలేదు. హిజ్రీ 1352 మొదలైంది 1933 ఏప్రిల్‌లో. అప్పటికి తేడా 581. రెండు క్యాలెండర్ల మధ్య తేడా గోడలా నిలబడదు, 622 దగ్గర మొదలై నెమ్మదిగా కరుగుతూ వస్తుంది. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 జనవరి 24 హిజ్రీలో 1170 జమాదిల్ అవ్వల్ మొదటి వారం, తేడా 587. ఆ రోజుకి 2025 జనవరిలో 268 ఏళ్ళు నిండాయి, హిజ్రీలో చూస్తే 276 దాటాయి. తేడా 587 నుంచి 579కి దిగింది, సరిగ్గా ఆ ఎనిమిదీ.

కాబట్టి తేదీని మార్చడం వేరు, వ్యవధిని మార్చడం వేరు. హిజ్రీ సంవత్సరం సంఖ్య నుంచి ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే నూటికి మూడు తీసి 622 కలపాలి. 1352లో మూడు శాతం తీస్తే 1311, 622 కలిపితే 1933. వ్యవధికి మాత్రం 622తో పని లేదు, మూడు శాతం తీస్తే చాలు. వయసుకి 622 కలిపినా, సంవత్సరం సంఖ్యలో 622 మరిచిపోయినా వెంటనే తెలిసిపోతుంది. పట్టుబడనిది పైన చెప్పిన 579 లాంటి తప్పే.

రెండో పొరపాటు మన జిల్లాల్లో మరీ ఎక్కువ, అందుకే దాన్ని వదలలేను. మీ ఇంట్లో పాత భూమి కాగితాలు తిరగేస్తే 1352 లాంటి అంకె ఇంకోటి కనిపించవచ్చు. కరణాల లెక్కల్లో అది హిజ్రీ కాకపోవచ్చు, ఫసలీ కావచ్చు. రెండూ ఒకే చెట్టు కొమ్మలు. చంద్రుడి ఏడాదికి శిస్తు వసూలు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పంట సూర్యుడిని బట్టి పండుతుంది, శిస్తు తేదీ మాత్రం ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది. 32 పంటలు పండిన కాలానికి రైతు 33 సార్లు శిస్తు కట్టాలి. పైగా కొన్నేళ్ళకి కోతలు కాకుండానే గడువు వచ్చి కూర్చుంటుంది. అందుకే మొగలాయిలు వసూళ్ళ కోసం హిజ్రీ అంకె తీసుకుని, అక్కడి నుంచి సూర్యుడి ఏడాదులుగా లెక్కపెట్టడం మొదలెట్టారు. ఫసల్ అంటే పంట. దక్కనులో షాజహాన్ కాలంలో, 1636లో, హిజ్రీ 1046ని ఫసలీ 1046గా పట్టుకున్నారు. ఆ రోజు రెండు అంకెలూ ఒకటే.

ఆ తర్వాత ఒకటి చంద్రుడితో నడిచింది, ఇంకొకటి సూర్యుడితో. 2024 జులైలో ఫసలీ 1434 మొదలైంది. అదే నెలలో మొదలైన హిజ్రీ 1446. ఒకే అంకె నుంచి బయలుదేరి 388 ఏళ్ళలో పన్నెండు ఏళ్ళు విడిపోయాయి. 388ని పదకొండు రోజులతో గుణించి 354తో భాగించి చూడండి, పన్నెండే వస్తుంది. పదకొండు రోజుల లెక్కకి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. అది ఏ పుస్తకంలోనో కాదు, మన తహసీల్దారు కార్యాలయం రికార్డుల్లోనే ఉంది.

కాబట్టి పాత కాగితం మీద 1352 కనిపిస్తే ఏది అన్నది ముందు తేల్చుకోండి. హిజ్రీ 1352 అంటే 1933 ఏప్రిల్ నుంచి 1934 ఏప్రిల్ దాకా. ఫసలీ 1352 అంటే, 590 కలిపితే 1942, జులై 1 నుంచి 1943 జూన్ ఆఖరు దాకా. తొమ్మిదేళ్ళ తేడా! పక్కన షాబాన్, రజబ్ లాంటి నెల పేరు ఉంటే హిజ్రీ. శిస్తు, సర్వే నంబరు, పంట ఉంటే ఫసలీ. మా వైపు ఒక కుటుంబం ఇనాం భూమి కాగితంలోని ఫసలీని హిజ్రీ అనుకుని, ఆ భూమి వచ్చింది తాత హయాంలో కాదు, ముత్తాత హయాంలో అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అంకె పక్కన పంట పేరు చూపించేదాకా వాళ్ళకి నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు మీ పింఛను పుస్తకం. క్యాలెండర్ల వల్ల వచ్చే తేడా ఎప్పుడూ ఆ మూడు శాతం దగ్గరే ఉంటుంది. 88 ఏళ్ళకి అది రెండేళ్ళ ఏడున్నర నెలలు. అంతకంటే ఎక్కువా తక్కువా వస్తే వేరే కారణం వెతకాలి, ఇదే నేను మొదట చూసే గుర్తు. మీ దాదా విషయంలో 87.93 నుంచి 85.31కి వచ్చిన తగ్గుదల చంద్రుడిది. అక్కడి నుంచి పుస్తకంలోని 84 ఏళ్ళ 9 నెలలకి వచ్చిన ఏడు నెలల తగ్గుదల మనిషి చేతిది. 1933 డిసెంబర్ 4 నుంచి 1934 జులై 1కి లెక్కేస్తే ఆ ఏడు నెలలే.

జులై 1 అన్న తేదీయే చెబుతోంది అది నిజం పుట్టినరోజు కాదని. ఆ కాలంలో పిల్లాడిని బడిలో వేసేటప్పుడు ఇంట్లో వాళ్ళు "షబేబరాత్ నాడు పుట్టాడు" అనో "తుఫాను వచ్చిన ఏడు" అనో చెబితే, రిజిస్టరులో ఏదో ఒక ఇంగ్లీషు తేదీ పడాలి కాబట్టి మాస్టారు జులై 1 రాసేసేవారు. నేను పనిచేసిన బడి పాత రిజిస్టరులో ఒక్క పేజీలో తొమ్మిది మంది పిల్లలు జులై 1న పుట్టినట్టు చూశాను. ఉద్యోగంలోనూ పింఛనులోనూ అదే తేదీ వెంట వస్తుంది. కాబట్టి ఆ పుస్తకం తప్పే కానీ, మోసం కాదు, క్యాలెండరు తేడా అంతకన్నా కాదు.

ఇక మిగిలింది ఒక్క రోజు సందేహం, అది నేను దాచను. 29.5306 అన్నది సగటు. నిజంగా నెల ఎప్పుడు మొదలైందన్నది ఆ సాయంత్రం మన దగ్గర నెలవంక కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, మబ్బు పట్టినా మారిపోతుంది. ముప్పై ఏళ్ళ పట్టిక ప్రకారం వేస్తే 1352 షాబాన్ 15 డిసెంబర్ 3కి వస్తుంది, చనిపోయిన రోజు నుంచి వెనక్కి వేస్తే 4కి వచ్చింది. ఫోనులో యాప్ పెట్టి చూస్తే కొన్ని సౌదీ లెక్క చూపిస్తాయి, మన దగ్గర చాలాసార్లు దానికంటే ఒక రోజు వెనక. కాబట్టి ఎనభై ఐదేళ్ళ వ్యవధిని గంట నిమిషాలతో మార్చి చెప్పేవాళ్ళని నమ్మకండి, ఒక రోజు అటూ ఇటూ ఉండే తీరుతుంది.

ఆ ఒక్క రోజుని తేల్చే సాధనం వారం. ఏ క్యాలెండరు మారినా వారం మారదు, శుక్రవారం అందరికీ శుక్రవారమే. 1933 డిసెంబర్ 3 ఆదివారం, 4 సోమవారం. మీ దాదీ గానీ, దాదా తోబుట్టువులు గానీ ఉంటే ఏ వారం పుట్టాడని విన్నారో అడగండి. ఇంకో మాట కూడా అడగాలి, పగలా రాత్రా అని. హిజ్రీలో తేదీ సూర్యాస్తమయంతో మారుతుంది, షబేబరాత్ రాత్రి అంటే షాబాన్ 15 పగటికి ముందు వచ్చే రాత్రి. ఆ రాత్రి పన్నెండు లోపు పుట్టి ఉంటే ఇంగ్లీషు తేదీ ఇంకో రోజు వెనక్కి, డిసెంబర్ 2 గానీ 3 గానీ అవుతుంది. వాళ్ళు "ఆదివారం పగలు" అంటే డిసెంబర్ 3, "సోమవారం పగలు" అంటే 4 అని రాసుకోండి. "ఆదివారం రాత్రి, షబేబరాత్ నమాజుల వేళ" అంటే హిజ్రీ తేదీ అప్పటికే 15, ఇంగ్లీషు తేదీ మాత్రం ఇంకా 3.